ఆన్‌లైన్ మీటింగుల్లో తెలుగు లైవ్ క్యాప్షన్లు: ఎంతవరకు నమ్మొచ్చు, ఎలా పెట్టుకోవాలి, ముఖ్యమైన సభకి ఏం చేయాలి

“గడువు పొడిగించారు”, “గడువు పొడిగించరు”. ఈ రెంటికీ తేడా ఒక్క దీర్ఘం. మీటింగులో ఆ మాట చెవిన పడినవాళ్ళకి సందర్భం, గొంతు, ముఖకవళికలు తోడుంటాయి కాబట్టి అర్థమైపోతుంది. తెర కింద అక్షరాలే ఆధారంగా మీటింగు అనుసరించేవాళ్ళకి ఆ దీర్ఘం తప్పుపడితే విషయం తలకిందులవుతుంది. వాక్యం మాత్రం శుభ్రంగా, వ్యాకరణం ప్రకారం సరిగ్గానే కనిపిస్తుంది కాబట్టి తప్పు జరిగిందన్న అనుమానం కూడా రాదు. తెలుగు లైవ్ క్యాప్షన్ల గురించి ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే. పిచ్చి మాటలు పడితే చదివేవాళ్ళు వెంటనే గుర్తుపట్టి పక్కనవాళ్ళని అడుగుతారు. నమ్మేలా పడిన తప్పుతోనే అసలు చిక్కు.

ఈ వ్యాసంలో ఒక సందర్భాన్ని దృష్టిలో పెట్టుకుందాం: ఒక సంఘం రెండు గంటల సర్వసభ్య సమావేశాన్ని ఆన్‌లైన్‌లో పెట్టుకుంది. లెక్కలు చదువుతారు, ప్రశ్నలు ఉంటాయి, చివర్లో ఓటింగు. సభ్యుల్లో కొందరికి వినపడదు, వాళ్ళు తెలుగు చదువుతారు. మామూలు వారాంతపు మీటింగుకి ఇందులో సగం ఏర్పాట్లు చాలు. ఓటు పడే సభకి మొత్తం కావాలి.

తప్పులు ఎక్కడ పడతాయి

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. అవును, కాదు అనే తేడా, కాలం, ఎవరు చేశారన్నది అన్నీ ఆ క్రియ తోకలోనే ఉంటాయి. మాట్లాడేటప్పుడు మన గొంతు తగ్గేదీ అక్కడే. ఊపిరి అయిపోవస్తుంది, చివరి అక్షరాలు నోట్లోనే ఉండిపోతాయి. పైగా మీటింగు యాప్‌లలో నేపథ్యపు చప్పుడు తగ్గించే ఫిల్టరు ఉంటుంది. గొంతు బాగా తగ్గినప్పుడు అది మాట చివరను కూడా చప్పుడే అనుకుని కత్తిరించేయగలదు. అంటే వాక్యంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం అన్నిటికంటే బలహీనంగా వెళుతుంది. “పెంచారు, పెంచరు”, “మార్చారు, మార్చరు”, “ఆమోదించారు, ఆమోదించరు” లాంటి జంటలన్నీ ఈ గండంలో ఉన్నవే.

రెండో చోటు అంకెలు. ఇరవై, అరవై దగ్గరగా వినిపిస్తాయి. పదిహేను, పదిహేడు కూడా అంతే. ఇంగ్లీషులో చెబితే ఇంకా కష్టం, ఫిఫ్టీన్‌కీ ఫిఫ్టీకీ మధ్య తేడా మళ్ళీ మాట చివరే ఉంది. మూడో చోటు పేర్లు: మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు, సంఘాల పొట్టి పేర్లు. యంత్రం వాటిని తనకి బాగా తెలిసిన మరో మాటగా మార్చేస్తుంది.

ఇక ఇంగ్లీషు కలిపి మాట్లాడటం. ఒకటీ అరా మాటలు, అంటే బడ్జెట్, రిపోర్ట్, మెంబర్‌షిప్ లాంటివి చాలావరకు బాగానే వస్తాయి. భాష తెలుగు అని పెట్టి ఉండగా ఎవరైనా మూడు వాక్యాలు వరసగా ఇంగ్లీషులో మాట్లాడితే మాత్రం ఆ ధ్వనులకి దగ్గరగా ఉన్న తెలుగు మాటలు పడతాయి, వాటికి అర్థం ఉండదు. యాస విషయంలోనూ తేడా తెలుస్తుంది. పుస్తకాల భాషకి, వార్తల భాషకి దగ్గరగా మాట్లాడేవాళ్ళ మాటలు బాగా పడతాయి. ఇంటి యాసలో వేగంగా మాట్లాడేవాళ్ళవి అంత బాగా పడవు. వాళ్ళని యాస మార్చుకోమనడం న్యాయం కాదు. అలాంటి చోట మనిషి సాయం పెట్టాలి, అది కింద వస్తుంది.

“ఇంత శాతం ఖచ్చితం” అన్న లెక్క ఎందుకు సరిపోదు

క్యాప్షన్ల నాణ్యతని సాధారణంగా మాటల లెక్కన కొలుస్తారు. తప్పుపడిన మాటలు, ఎగిరిపోయిన మాటలు, లేనిపోనివి వచ్చిన మాటలు కూడి, అసలు మాటల సంఖ్యతో భాగిస్తారు. ఒక వాక్యం మీద చేసి చూద్దాం.

చెప్పింది: “పదిహేనో తేదీ దాటాక ఫీజు కట్టే సభ్యులకు గడువు పొడిగించరు.”

పడింది: “పదిహేడో తేదీ దాటాక ఫీజు కట్టే సభ్యులకి గడువు పొడిగించారు.”

మొత్తం 8 మాటలు, తప్పులు 3. లెక్క ప్రకారం ఖచ్చితత్వం 62.5 శాతం. కానీ ఈ మూడూ ఒకే రకం తప్పులు కావు. “సభ్యులకు” బదులు “సభ్యులకి” పడితే ఎవరికీ నష్టం లేదు. “పదిహేడో” అని పడితే ఒకరు రెండు రోజులు ఆలస్యంగా కట్టి నష్టపోతారు. “పొడిగించారు” అని పడితే గడువు పెరిగిందనుకుని అసలు తేదీ గురించే పట్టించుకోరు. ఇప్పుడు మూడింటిలో ఒక్కటే తప్పు పడిందనుకోండి. అది “సభ్యులకి” అయినా, “పొడిగించారు” అయినా లెక్క 87.5 శాతమే చూపిస్తుంది. తెలుగులో విభక్తులు, ప్రత్యయాలు మాటకే అతుక్కుని ఉంటాయి కాబట్టి హాని లేని చిన్న తేడా కూడా మొత్తం మాట తప్పు కింద పడుతుంది, ఘోరమైన తప్పు కూడా ఒక్క మాట కిందే పడుతుంది. అందుకే శాతాన్ని పక్కనపెట్టి హాని చేసే తప్పులు ఎన్ని అన్నదే లెక్కపెట్టాలి.

అది తేల్చుకోవడానికి సభకి కనీసం వారం ముందు చిన్న పరీక్ష పెట్టండి. ఇరవై వాక్యాలు రాసుకోండి: పదింటిలో క్రియ వ్యతిరేకార్థంలో ఉండాలి, అయిదింటిలో తేదీలు లేదా మొత్తాలు, అయిదింటిలో మీ సభలో నిజంగా వచ్చే పేర్లు. సభ రోజు ఎవరు మాట్లాడతారో వాళ్ళే, వాళ్ళ మైకులోనే, మామూలు వేగంతో చదవాలి. ఇంకొకరు వేరే చోట నుంచి చేరి, తెర మీద పడింది పడినట్టు రికార్డు చేయాలి. తర్వాత అసలు వాక్యాలతో పోల్చి చూడండి. వ్యతిరేక వాక్యాల్లో ఒక్కటి తిరగబడినా ఓటింగుకి, డబ్బు వ్యవహారానికి ఆ యంత్రం మీదే ఆధారపడకూడదని మా నిశ్చితాభిప్రాయం. పేర్లు తప్పు పడటం అంత పెద్ద సమస్య కాదు, జాబితా ముందే పంపితే సరిపోతుంది.

యాప్‌లో పెట్టుకోవడం

అన్నిటికంటే ఎక్కువ జరిగే పొరపాటు భాష మార్చకపోవడం. క్యాప్షన్లు ఆన్ చేశారు, భాష ఇంగ్లీషులోనే ఉండిపోయింది. అప్పుడు తెలుగు మాటలకి దగ్గరగా వినిపించే ఇంగ్లీషు మాటలు వరసగా పడుతుంటాయి. అది కనిపిస్తే సెట్టింగు తప్పని అర్థం. “తెలుగు సరిగ్గా రావట్లేదు” అని వదిలేయకండి.

Google Meetలో కింద ఉన్న మూడు చుక్కలు నొక్కి Settingsలోకి, అక్కడ Captionsలోకి వెళ్ళి, మీటింగు భాషగా Telugu ఎంచుకోవాలి. ఆ తర్వాత కంప్యూటర్లో c మీట నొక్కితే క్యాప్షన్లు వస్తాయి, మళ్ళీ నొక్కితే పోతాయి. అక్కడే అక్షరాల సైజు మార్చుకునే వీలుంది. తెలుగులో ఒత్తులు, గుడి, కొమ్ము చిన్నగా కనబడతాయి కాబట్టి ఇంగ్లీషుకి సరిపోయే సైజు తెలుగుకి చాలదు. పెద్దదే పెట్టుకోమని సభ్యులకి చెప్పండి. “పొడిగించరు”, “పొడిగించారు” మధ్య తేడా కంటికి ఆనాలంటే అది తప్పనిసరి. క్యాప్షన్లు ఎవరి తెర మీద వాళ్ళు ఆన్ చేసుకోవాలి. కాబట్టి సభకి ముందు ఈ మూడు మెట్లు ఫొటోలతో అందరికీ పంపడం మంచిది.

Zoomలో మీటింగు పెట్టేవాళ్ళు ముందుగా వెబ్‌సైటులో తమ ఖాతా Settingsలోకి వెళ్ళి, మీటింగు విభాగంలో Automated captions, Manual captions రెండూ ఆన్ చేయాలి. రెండోది ఎందుకో కింద చెబుతాం. మీటింగులో Show Captions పక్కన ఉన్న చిన్న బాణం నొక్కితే మాట్లాడే భాష ఎంచుకోవచ్చు. మాట్లాడే భాష వేరు, అనువాదం చూపించే భాష వేరు. ఈ రెండింటినీ కలగాపులగం చేస్తే తెలుగు మాటల్ని ఇంగ్లీషుగా విని, ఆ చెత్తనే మళ్ళీ తెలుగులోకి అనువదించి చూపిస్తుంది. Microsoft Teamsలో మాట్లాడే భాష ఒకరు మారిస్తే మీటింగు మొత్తానికి మారుతుంది, కాబట్టి ఆ బాధ్యత ఒక్కరికే అప్పగించాలి.

భాషల జాబితా యాప్‌ని బట్టి, ఖాతాని బట్టి, వెర్షన్‌ని బట్టి మారుతుంది. సభ జరిగే ఖాతాతోనే ఒక ఖాళీ మీటింగు తెరిచి, మాట్లాడే భాషల్లో తెలుగు ఉందో లేదో కళ్ళారా చూసుకోండి. అనువాద భాషల్లో ఉన్నంత మాత్రాన సరిపోదు. లేకపోతే కింద చెప్పే గూగుల్ డాక్ పద్ధతి ఏ యాప్‌తోనైనా పనిచేస్తుంది.

అనువాద క్యాప్షన్ల గురించి ఒక మాట. తెలుగులో క్రియ చివర, ఇంగ్లీషులో మధ్యలో. అందుకని యంత్రం వాక్యం పూర్తయ్యేదాకా ఆగాలి, లేదా ముందే ఊహించి రాసి తర్వాత దిద్దుకోవాలి. తెర మీద వాక్యం పడ్డాక మారిపోతూ ఉండేది అందుకే. ఓటింగు జరిగే సభలో అనువాద క్యాప్షన్ని ఆధారంగా తీసుకోకండి.

మైకు

క్యాప్షన్ల నాణ్యత సగం ఇక్కడే తేలిపోతుంది. వైరున్న హెడ్‌సెట్టు పెట్టుకుని, మైకు నోటి మూలకి ఒక ప్రక్కగా, 5 నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. ఎదురుగా పెడితే ప, బ, ఫ పలికినప్పుడు గాలి తగిలి మోత వస్తుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పాట వినేటప్పుడు బాగానే ఉన్నా, వాటి మైకు వాడగానే చాలావాటిలో శబ్దం టెలిఫోన్ స్థాయికి పడిపోతుంది. స, శ, ష లాంటి హల్లుల తేడా అక్కడ చెరిగిపోతుంది. ఒకే గదిలో నలుగురు కూర్చుని ఒక ల్యాప్‌టాప్‌తో మాట్లాడటం అన్నిటికంటే చెడ్డ ఏర్పాటు. గోడల ప్రతిధ్వని కలిసిపోతుంది, దూరంగా ఉన్నవాళ్ళ మాటల చివరలు ఎగిరిపోతాయి.

నిశ్శబ్దమైన గదిలో ఉన్నవాళ్ళు చప్పుడు తగ్గించే ఫిల్టరుని తక్కువలో పెట్టుకోవాలి. Zoomలో Settings, Audio, అక్కడ background noise తగ్గించే సెట్టింగు కింద Low. ఈ ఒక్క మార్పుతో వాక్యం చివరలు మెరుగుపడ్డాయో లేదో పైన చెప్పిన ఇరవై వాక్యాలతోనే చూసుకోవచ్చు: ఒకసారి ముందు, ఒకసారి తర్వాత. చుట్టూ ఫ్యాను, రోడ్డు చప్పుడు ఉంటే మాత్రం ఫిల్టరు ఉంచడమే నయం.

మాట్లాడేవాళ్ళకి ఇవ్వాల్సిన సూచనలు

చాలామంది “నెమ్మదిగా మాట్లాడండి” అని చెప్పి ఊరుకుంటారు. రెండు నిమిషాల తర్వాత ఎవరికీ అది గుర్తుండదు. ఇంతకంటే పనికొచ్చేవి రెండున్నాయి.

మొదటిది, నిర్ణయం చెప్పే వాక్యంలో అర్థం ఒక్క ప్రత్యయం మీద వేలాడకుండా చూసుకోవడం. “గడువు పొడిగించరు” అనే బదులు “గడువు పెంచే ప్రతిపాదన వీగిపోయింది. ఆఖరి తేదీ ఏప్రిల్ పదిహేనే” అనండి. “వీగిపోయింది”లో కాదన్న అర్థం ధాతువులోనే ఉంది. దాని తోక తప్పుపడినా అర్థం తిరగబడదు. రెండో వాక్యం మొదటిదాన్ని మరో వైపు నుంచి రుజువు చేస్తుంది. అధ్యక్షస్థానంలో ఉన్నవాళ్ళకి ఇలాంటి వాక్యాలు ముందే రాసి ఇవ్వాలి.

రెండోది, అంకెని రెండు విధాలుగా చెప్పడం. “అరవై వేలు, ఆరు సున్న, అరవై” అనాలి. తెర మీద ఇరవై అని పడినా పక్కనే ఆరు సున్న ఉంటుంది కాబట్టి చదివేవాళ్ళకి పట్టుబడుతుంది. డబ్బు లెక్కలు స్లైడు మీద చూపిస్తూ చదివితే ఇంకా మంచిది.

ఓటు పడే సభకి: మనిషిని మధ్యలో పెట్టడం

టైపిస్టుని పెడితే సరిపోదా అంటారు. మామూలు మాటల వేగాన్ని తెలుగు టైపింగు అందుకోలేదు. ఎంత చేయి తిరిగినవాళ్ళయినా సారాంశమే రాయగలరు. చిన్న సభకి సారాంశం చాలు. Zoomలో Show Captions దగ్గర manual captioner ఏర్పాటు చేసి, టైపు చేసే పని ఒకరికి అప్పగిస్తే, వాళ్ళు కొట్టిన వాక్యం Enter నొక్కగానే అందరికీ క్యాప్షన్‌గా వెళుతుంది. Teamsలో మీటింగు ఎంపికల్లో ఉండే CART captions బయటి క్యాప్షన్ సర్వీసుని కలపడానికి.

పూర్తి మాటలు కావాలంటే తిరిగి పలకడం అనే పద్ధతి ఉంది. టీవీ ప్రత్యక్ష ప్రసారాల సబ్‌టైటిళ్ళకి చాలా దేశాల్లో ఇదే వాడతారు. ఒకరు నిశ్శబ్దమైన గదిలో కూర్చుని, సభ మాటలు చెవిలో వింటూ, వాటిని స్పష్టమైన తెలుగులో తన మైకులోకి మళ్ళీ పలుకుతారు. యంత్రానికి అందరి గొంతులూ, యాసలూ, చప్పుళ్ళూ కాకుండా ఒకే గొంతు వినపడుతుంది. ఇంకొకరు పడిన అక్షరాల్ని అక్కడికక్కడే దిద్దుతారు. ఇంగ్లీషులో ఎవరైనా మాట్లాడితే పలికేవాళ్ళు తెలుగులో చెప్పేస్తారు. ఇంటి యాస సమస్యా ఇక్కడే తీరిపోతుంది.

దీనికి గూగుల్ డాక్ చాలు. కొత్త డాక్ తెరిచి, సభ్యులందరికీ చూడటానికి మాత్రమే అనుమతి ఇచ్చి, లింకు మీటింగు చాట్‌లో పెట్టండి. పలికేవాళ్ళు కంప్యూటర్లో Chromeలో ఆ డాక్ తెరిచి, Toolsలో Voice typing నొక్కి, మైకు బొమ్మ పైన భాష తెలుగుకి మార్చుకోవాలి. మీటింగుని అదే కంప్యూటర్లో వినకూడదు. ఫోన్లో వేరేగా చేరి ఇయర్‌ఫోన్లో వినాలి, తన మైకు మీటింగులో మూసి ఉంచాలి. కంప్యూటర్లో వేరే విండోలోకి వెళితే వాయిస్ టైపింగు ఆగిపోతుంది, అందుకే ఈ రెండు పరికరాలు. దిద్దేవాళ్ళు తమ సొంత ఖాతాతో, ఎడిటింగు అనుమతితో అదే డాక్‌లో ఉంటారు. వాళ్ళ పని మూడే: అంకెలు, పేర్లు, క్రియల చివరలు. మిగతా అక్షరదోషాల జోలికి వెళితే వెనకబడిపోతారు. వాక్యం అయిపోగానే చుక్క పెట్టి, మాట్లాడేవాళ్ళు మారినప్పుడు కొత్త పంక్తిలో పేరు వేయాలి.

మన రెండు గంటల సభకి పలికేవాళ్ళు ఇద్దరు కావాలి, 15 నుంచి 20 నిమిషాలకోసారి మారుతూ ఉండాలి. అంతకు మించితే మాటలు వదిలేయడం మొదలవుతుంది. దిద్దేవాళ్ళు ఒకరు, సభ్యుల వైపు నుంచి తెర గమనిస్తూ “ఆగిపోయింది” అని చెప్పేవాళ్ళు ఒకరు. మొత్తం నలుగురు. ఎజెండా, లెక్కల పత్రం, పేర్ల జాబితా వాళ్ళకి మూడు రోజుల ముందే అందాలి, ఒక అరగంట అభ్యాసం తప్పనిసరి. అధ్యక్షుల ప్రసంగం, వార్షిక నివేదిక లాంటివి ముందే రాసి ఉంటాయి కాబట్టి వాటిని పలకనక్కర్లేదు. చదువుతున్న కొద్దీ ఒక్కో పేరా డాక్‌లో అతికిస్తే చాలు. అక్కడ తప్పులే ఉండవు.

ఈ పద్ధతిలో అక్షరాలు కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తాయి. మామూలు చర్చలో ఇబ్బంది లేదు. ఓటింగులో మాత్రం అధ్యక్షులు దీన్ని పాటించి తీరాలి: తీర్మానం పూర్తి పాఠాన్ని ముందు చాట్‌లోనూ డాక్‌లోనూ పెట్టాలి, తర్వాత చదవాలి, గమనించేవాళ్ళు “వచ్చింది” అన్నాకే ఓటింగు తెరవాలి. మూసేముందు కూడా అలాగే. లేకపోతే చదివి తెలుసుకునేవాళ్ళు చేయి ఎత్తేలోపే లెక్క అయిపోతుంది.

వినపడని సభ్యుల్లో అందరికీ క్యాప్షనే కావాలని అనుకోకండి. సంజ్ఞాభాషే మొదటి భాషగా ఉన్నవాళ్ళకి అనువాదకులు కావాలి, వాళ్ళు కూడా జంటగా, మారుతూ పనిచేస్తారు. రెండు వారాల ముందే ఒక్కొక్కరినీ అడగండి. అనువాదకుల వీడియో పెద్దగా పిన్ చేసుకునే ఏర్పాటు చూపించండి, క్యాప్షన్ పెట్టె వాళ్ళ చేతుల మీదికి రాకుండా జరపండి.

మధ్యలో డాక్ ఆగిపోతే యాప్‌లోని ఆటోమేటిక్ క్యాప్షన్లకి మారమని చాట్‌లో ఒక్క వాక్యం పెట్టాలి. ఆ వాక్యం ముందే రాసి దగ్గర ఉంచుకోండి. డాక్ తిరిగి వచ్చేదాకా చర్చ నడవొచ్చు, ఓటింగు మాత్రం ఆపాలి. గోప్యమైన విషయాలు చర్చించే భాగం ఉంటే, మాటలు బయటి సర్వరుకి వెళతాయని ముందే చెప్పి అందరి అంగీకారం తీసుకోవాలి. సభ అయ్యాక డాక్‌ని రికార్డింగుతో పోల్చి, అంకెలు, తీర్మానాలు సరిచూసి, మర్నాటికల్లా అందరికీ పంపండి. మినిట్స్ రాసేవాళ్ళు సరిచూడని క్యాప్షన్ల నుంచి ఒక్క వాక్యం కూడా ఎత్తి రాయకూడదు.